ముగ్గుపిండి పూసిన టైరు

నాకు నోరెక్కువని మా ఊళ్ళో అంటారు. అననీ. నోరు లేకుండా ముఠా మేస్త్రి పని ఎవరు చేయగలరో నాకు చూపించమనండి. పొద్దు పొడవకముందే ఆడవాళ్ళందర్నీ లేపి, ట్రాలీ ఎక్కించి, వినుకొండ పక్క మా ఊరి నుంచి పర్చూరు దాకా మిరపకోతకు తీసుకెళ్ళాలి. రైతుతో నేనే మాట్లాడాలి, డ్రైవరుతో నేనే తగువు పెట్టుకోవాలి, పిల్లకు జ్వరమని ఆగిపోయేదాన్ని నేనే బతిమాలాలి. దారిలో ఎవరికేమైనా అయితే వాళ్ళ గుమ్మం ముందు తల వంచుకుని నిలబడాల్సిందీ నేనే. అందుకే ఆ రోజు టైరు సంగతి అడిగింది కూడా నేనే. వేరే ఎవరూ అడగలేదు.

ట్రాలీ షబ్బీర్‌ది. సరుకు వేసుకునే చిన్న ట్రక్కు అది. కోతల కాలంలో దాని వెనక అటూ ఇటూ చెక్కబల్లలు బిగించి మనుషుల్ని ఎక్కిస్తాడు. ఎక్కించకూడదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు, రోడ్డు మీద ఆపే పోలీసులకీ తెలుసు. కాకపోతే మిరపచేలకు బస్సులు పోవు. రైతు బండి కిరాయి ఇస్తాడు కానీ ఏ బండి అని అడగడు.

ఆ పొద్దున నా ఇంటి ముందు బండి ఆగింది. నీళ్ళ డబ్బా కిందపెట్టి కొంగు బిగించుకుంటుంటే నా చెయ్యి వెనక ఎడమ టైరు పక్కకు తగిలింది. ఎండాకాలం పగిలిన మడమ ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. గోరు పెట్టి చూస్తే గోరు దిగింది.

"ఏందిరా షబ్బీరూ, ఈ టైరు ఇట్టా పగిలిందేంది?" అన్నాను.

షబ్బీర్ దిగి వచ్చాడు. మంచివాడే. అబద్ధమాడే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు, అబద్ధమాడితే పట్టుకునేదాన్ని.

"పక్కన అట్టాగే ఉంటదక్కా. పైన చూడు, గాళ్ళు ఎంత లోతుగా ఉన్నాయో. పోయినేడే కదా కొన్నా," అన్నాడు.

నిజమే, నేలకానే చోట రబ్బరు నల్లగా, గాళ్ళు లోతుగా, కొత్తదానిలాగే ఉంది. కొన్నది పోయినేడే కానీ అది కొత్త టైరు కాదు. అరిగిపోయిన పాత టైరు మీద కొత్త రబ్బరు పట్టీ అతికించి అమ్ముతారు చూడండి, అలాంటిది. కొత్తదానికి పెట్టుకునే స్తోమత ఉంటే మనుషుల్ని సరుకు బండిలో ఎందుకు తిప్పుతాడు? పైన కొత్త చర్మం, పక్కన పాత చర్మం. కానీ ఈ ముక్క ఆ పొద్దున నాకు తెలియదు. తర్వాత అందరూ కలిసి చెప్పారు, తీరిగ్గా.

ఈలోగా మా వాళ్ళు ఎక్కుతున్నారు. సర్దార్‌బీ ఎక్కి తన చోట్లో కూర్చుంది. సరిగ్గా ఆ ఎడమ చక్రం మీద, అంచున. లోపలికి జరిగితే గాలాడక వాంతి వస్తుంది ఆమెకు. నేను కోతకు పోవడం మొదలుపెట్టిన నాటి నుంచి మేమిద్దరం పక్కపక్క సాళ్ళు. నా సాలు వెనకబడితే ఆమె ఇటు చెయ్యి చాచి నాలుగు చెట్లు కోసి పెట్టేది, నేను చూడలేదనుకునేది. నాకంటే పెద్దది, మోకాళ్ళు పోయాయి, అయినా కాయ తొడిమ ఊడకుండా కోయడంలో ఆమె తర్వాతే ఎవరైనా.

"జ్యోతీ, ఉండమంటావా, దిగమంటావా? దిగమంటే ఇప్పుడే చెప్పు. మళ్ళీ మళ్ళీ ఎక్కి దిగడం నావల్ల కాదు," అంది.

అడిగింది నన్ను. నాకేం తెలుసు టైర్ల గురించి?

అప్పుడు మాధవీలత ముందుకొచ్చింది. మా వీధి పిల్లే, డిగ్రీ సగంలో ఆపేసి కోతకొస్తోంది. ఆమె ఫోన్లో ఒకటుంది. మాట్లాడితే జవాబిస్తుంది, ఫోటో పెడితే చూసి చెబుతుంది, మనిషి కాదంట. దాన్ని మా ముఠాలో అందరూ నమ్ముతారు, నమ్మడానికి కారణం కూడా ఉంది. పోయిన నెలలో ఆకు ముడుచుకుపోతుంటే మాధవి ఫోటో తీసి పెట్టింది. తామర పురుగని చెప్పింది, మర్నాడు వ్యవసాయ ఆఫీసరు వచ్చి అదే మాటన్నాడు. మందు డబ్బాల మీద చీమతలకాయంత అక్షరాలు ఉంటాయి కదా, వాటిని ఫోటో తీసి పెడితే ఎన్ని నీళ్ళలో ఎంత కలపాలో, కొట్టాక ఎన్నాళ్ళు కాయ కోయకూడదో తెలుగులో చదివి వినిపిస్తుంది. అందుకే మాకు ఒక అలవాటు పడింది. దాన్ని ఏదైనా అడగాలంటే అక్షరాలు చూపించాలి. అక్షరాలు స్పష్టంగా కనపడితే సరైన జవాబొస్తుంది. మందు డబ్బాకు అది నిజం.

"టైరు మీద రాతలుంటాయి పిన్నీ. అవి కనపడేట్టు తీస్తే చెప్పేస్తది," అంది మాధవి.

రాతలున్నాయి కానీ నలుపు మీద నలుపు. తడిగుడ్డ పెట్టి తుడిచినా కనపడలేదు. నేనే లోపలికెళ్ళి ముగ్గుపిండి డబ్బా తెచ్చాను. గుప్పెడు తీసి అరచేత్తో ఆ రాతల మీద పామాను. ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలన్నీ తెల్లగా లేచాయి. ఎంత చక్కగా కనపడ్డాయంటే సర్దార్‌బీ పైనుంచి వంగి చూసి, "పండక్కి వాకిలేసినట్టుందే," అని నవ్వింది. మాధవి ఫోను దగ్గరగా పెట్టి ఫోటో తీసింది. తర్వాత ఫోన్లోకి, అందరికీ వినపడేట్టు, "ఈ టైరు ఇంకా పర్వాలేదా?" అని అడిగింది.

అంతే అడిగాం. పర్వాలేదా అని. ఔను, కాదు. రెండింట్లో ఒకటి చెబితే అయిపోయేది.

ఫోను గొంతు విప్పింది. ఆడమనిషి గొంతు, మర్యాదగా, తొందర లేకుండా. చాలా మంచి ఫోటో పంపారండీ, దీని మీద ఉన్న గుర్తులన్నీ వివరిస్తాను అంది. 155 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. ఆర్ అంటే రేడియల్, లోపలి పోగులు అడ్డంగా నేసిన రకం. 13 అంటే లోపలి ఇనప చక్రం పదమూడు అంగుళాలది. ఎల్‌టీ అంటే చిన్న ట్రక్కులకు చేసింది. ఎయిట్ పీఆర్ అంటే ఎనిమిది పొరల టైరుకు ఉండే బలం దీనికుంటుందని లెక్క. లోపల నిజంగా ఎనిమిది పొరలు ఉండాలని కాదు. తర్వాత 90/88 ఎన్. 90 అంటే ఒక్క టైరే ఉన్న చోట ఆరు వందల కిలోలు మోస్తుంది. జంటగా రెండు టైర్లున్న చోట ఒక్కోటీ ఐదు వందల అరవై. ఎన్ అంటే గంటకు నూట నలభై కిలోమీటర్ల వేగం దాకా. ఐఎస్ఐ గుర్తు ఉంది. ట్యూబు అక్కర్లేని రకం.

ఒక్కో గుర్తు చదువుతుంటే షబ్బీర్ మొహం విప్పారుతూ వచ్చింది. అతను బండి నడుపుతున్నన్నాళ్ళూ ఆ రాతల్ని ఎవరూ ఇంత గౌరవంగా చదివి ఉండరు.

"ఆగాగు. ఆరొందల కేజీలంది కదా?" అని వేళ్ళు మడిచాడు. "వెనక రెండు టైర్లు. పన్నెండొందలు. మీరంతా కలిపి, నీళ్ళ డబ్బాలూ క్యారేజీలూ కలిపి ఏడొందలు దాటరక్కా. నూట నలభై స్పీడంది. నేను ఏనాడన్నా యాభై దాటానా?"

లెక్కలో తప్పేముంది? తప్పు లేదు. అది కొత్త టైరు లెక్క, గాలి సరిగ్గా ఉన్న టైరు లెక్క. ఎప్పుడో ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజున రాసిన రాత. ఈ పొద్దున అది ఎట్లా ఉందో ఆ రాతకేం తెలుసు? పెళ్ళినాటి బలం చెప్పుకుని ముసలాడు మూట ఎత్తుకున్నట్టుంది. కానీ ఫోను ఆ మాట అనలేదు. ఇంకా చదువుతూనే ఉంది. చివర నాలుగంకెలు, 2314, అంటే రెండు వేల పధ్నాలుగో సంవత్సరం ఇరవైమూడో వారంలో తయారైంది అంది. సాధారణంగా పాత టైర్లను నిపుణులకు చూపించుకోవడం మంచిది అంది. ఆ వెంటనే, అదే గొంతుతో, టీడబ్ల్యూఐ అనే గుర్తు దగ్గర గాడిలో చిన్న గట్టు ఉంటుంది, రబ్బరు అరిగి ఆ గట్టును తాకితే టైరు మార్చాలి అని మొదలెట్టింది. ఇంకేమైనా వివరాలు కావాలంటే అడగండి అని ముగించింది.

తాడిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డికోసం అన్నాడంట ఎవడో. వాడైనా నయం, ఒక్క ముక్కలో చెప్పాడు.

"అదంతా సరే. పర్వాలేదా, లేదా?" అన్నాను.

"అదే కదక్కా చెప్పింది," అన్నాడు షబ్బీర్. టైరు చుట్టూ వంగి ఆ గట్టు ఎక్కడుందో వెతికాడు, దొరికింది. రబ్బరు దానికి అంగుళంలో మూడోవంతు పైనే ఉంది. "చూడు, అరగనే లేదు."

"పధ్నాలుగంటే పాతది కాదా?"

"తయారైంది అప్పుడక్కా. నేను కొన్నది పోయినేడు. షాపులో కూర్చున్న టైరుకు వయసేముంటది? పైన కొత్త రబ్బరే కదా."

"మాధవీ, మళ్ళీ అడుగు. ఔనా కాదా అని మాత్రమే చెప్పమను."

మాధవి ఫోను ఎత్తింది. అప్పుడే నా ఫోను మోగింది. రైతు రాఘవులు. ఆయన గొంతు ఎప్పుడూ పొలం అవతలి గట్టున ఉన్నవాడికి వినపడేట్టే ఉంటుంది. "ఏమ్మా నాగజ్యోతీ, ఇంకా బయల్దేరలేదా? మబ్బు పట్టింది ఇక్కడ. చెట్టున పండుకాయ వేలాడుతోంది, వానపడిందంటే అంతా తాలుకాయే. మీరు రాకపోతే చెప్పు, అద్దంకి ముఠా ఖాళీగా ఉందంట, వాళ్ళని పిలుచుకుంటా," అన్నాడు. పెట్టేశాడు.

అద్దంకి ముఠా ఒక్కరోజు ఆ చేలో దిగిందంటే ఆ చేను ఇక వాళ్ళదే. రెండో కోత, మూడో కోత అన్నీ వాళ్ళవే. బల్లల మీద కూర్చున్న వాళ్ళ మొహాలన్నీ నావైపు తిరిగాయి. దిగమంటే దిగుతారు, ఇంటికెళ్తారు, పొద్దున్నే కట్టుకున్న క్యారేజీ ఇంట్లోనే విప్పుకు తింటారు.

"అంత పెద్ద పురాణం చెప్పింది కదే," అంది సర్దార్‌బీ. "బాగాలేకపోతే అంతసేపు ఎందుకు పొగుడుద్ది? ముందే వద్దనేది."

అందరూ ఔనన్నారు. నాకూ అట్లాగే అనిపించింది, అనిపించలేదని ఎందుకు అబద్ధమాడాలి. ఒంట్లో బాగాలేదని వెళ్తే డాక్టరు అరగంట సేపు నీ ఎత్తూ బరువూ రక్తం గ్రూపూ చదివి వినిపిస్తే, నీకు రోగముందని అనుకుంటావా? లేదనే అనుకుంటావు. ఉంటే అది కదా ముందు చెప్పాల్సింది.

సాయంత్రం వినుకొండలో టైర్ల షాపు వాడికి చూపిస్తానని షబ్బీర్ తనకు తనే అన్నాడు. మాధవి ఎత్తిన ఫోను అడక్కుండానే దించేసింది. బండి కదిలింది.

ఆ రోజు వాన పడలేదు. మబ్బు విడిపోయి ఎండ కాసింది, మార్చి ఎండ. మధ్యాహ్నానికి మిరపచేలో గాలి కదల్లేదు, కాయ ఘాటుకు ముక్కులు కారాయి. సర్దార్‌బీ పాత మాటలేవో చెబుతూనే ఉంది. కూతురు గుల్షన్ కుట్టుమిషను నేర్చుకుందని, ఇక దాన్ని ఈ ఎండలో తిప్పక్కర్లేదని చెప్పింది. ఆ మాట అప్పటికే చాలాసార్లు చెప్పింది, అయినా నేను విన్నాను. రాఘవులు కల్లంలో ఎర్రగా పరిచిన కాయల వంక చూసుకుంటూ మాకు మజ్జిగ పంపాడు.

తిరుగుదారిలో అద్దంకి దాటాం. సంతమాగులూరు ఇంకా రాలేదు. రోడ్డు ఆవిర్లు కక్కుతోంది. బండి యాభై దాటలేదు, అది నేను ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతాను, చెప్పాను కూడా. ఎదురుగా లారీ లేదు, అడ్డంగా గేదె రాలేదు, షబ్బీర్ నిద్రపోలేదు. మందుగుండు పేలినట్టు చప్పుడయింది. బండి ఎడమ వెనక భాగం కిందికి కుంగింది. పక్కకు లాగేసి, రోడ్డు అంచు దిగి, ఎడమవైపుకే పడిపోయింది.

నేను ఎగిరి కంప మీద పడ్డాను. ఒళ్ళంతా ముళ్ళు. మాధవి చెయ్యి విరిగింది. మిగతావాళ్ళకి తలలూ మోకాళ్ళూ పగిలాయి. సర్దార్‌బీ బండి అంచు కింద ఉంది. పక్క చేలల్లో మగవాళ్ళు పరిగెత్తుకొచ్చి బండి ఎత్తేసరికి ఏం మిగల్లేదు. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాను. కొంగు నిండా మిరపకాయ వాసన. ఆమెను ఏదో ఒకటి పిలవాలి కదా, నాకు ఏ మాటా రాలేదు. ఇంత నోరున్న దాన్ని.

పేలింది ఆ టైరే. పైన అతికించిన రబ్బరు చెక్కుచెదరలేదు. పక్కగోడే, గాళ్ళకూ ఇనప చక్రానికీ మధ్య, చుట్టూ చింపిన గుడ్డలా తెగిపోయింది.

ఆ తర్వాత వచ్చారు చెప్పేవాళ్ళు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, అప్పుడైతే ఆకులు మోపులు మోపులుగా దొరుకుతాయి. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టైరు ముందు గొంతుకూర్చుని నూటయాభై అయిదు, ఆర్, పదమూడు, ఎయిట్ పీఆర్ అని చదువుతుంటే పక్కన కానిస్టేబులు రాసుకున్నాడు. అవే గుర్తులు, అదే వరస. అప్పుడే నేను అడిగాను. "అయ్యా, ఈ రాతలు చూస్తే ఈ టైరు ఎక్కకూడదని తెలుస్తుందాండీ?"

ఆయన విసుక్కోకుండానే చెప్పాడు. "తెలుస్తుందమ్మా. 2314. పదేళ్ళు దాటిన టైరు మీద కొత్త రబ్బరేశారు. పైన ఎంత లోతు గాళ్ళుంటే ఏం లాభం, పక్కగోడ ఎండిపోయి పగిలింది. ఈ పగుళ్ళు చూస్తే చాలు, రాతలు చదవక్కర్లేదు. దీన్ని పంచరేసేవాడికి చూపించినా తీసేయమంటాడు."

రాతలు చదవక్కర్లేదంట.

సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించారు కాబట్టి బీమా రాదన్నారు. షబ్బీర్ మీద కేసు పెట్టారు. బెయిలు మీద బయటికొచ్చాక అతను సర్దార్‌బీ ఇంటికి వెళ్ళి గుమ్మం బయటే కూర్చున్నాడట, లోపలికి రమ్మన్నా వెళ్ళలేదట, పొమ్మన్నా వెళ్ళలేదట. నేనూ వెళ్ళాను. గుల్షన్ నన్ను చూసి లేచి నిలబడింది. ఏమైనా అడిగితే బాగుండును. తిడితే ఇంకా బాగుండును.

మాధవి చేతికి కట్టుతో మా ఇంటికొచ్చింది. కుర్చీలో కూర్చోకుండా గోడకానుకుని నిలబడి, ఫోను తీసింది.

"పిన్నీ, ఆ ఫోటోనే మళ్ళీ పెట్టా. ఈసారి వేరేగా అడిగా. ఈ గుర్తులకు అర్థం చెప్పొద్దు, ఈ టైరు మీద మనుషుల్ని ఎక్కించొచ్చా లేదా, ఒక్క మాటలో చెప్పు అన్నా."

"ఏమంది?"

"వద్దంది."

నేను చదవమన్నాను. చదివింది. వద్దు. ఈ టైరు మీద ప్రయాణం చేయకండి, ఇప్పుడే మార్చండి. తయారై పదేళ్ళు దాటింది. ఫోటోలో ఇనప చక్రానికి దగ్గరగా, అక్షరాల కింద, సన్నటి తెల్లగీతలు వంపు తిరిగి కనిపిస్తున్నాయి, అవి రబ్బరు పగుళ్ళు, వాటిలో తెల్లటి పొడి చేరింది. ఇలాంటి టైరు వేడికి, బరువుకు హఠాత్తుగా పేలిపోవచ్చు.

ఫోటో పెద్దది చేసి ఫోను నా చేతిలో పెట్టింది. నిజమే. నేను పామిన ముగ్గుపిండి అక్షరాల మీదే కాదు, పగుళ్ళలోకీ దిగింది. దిగి వాటిని తెల్లగా గీసి పెట్టింది. ఆ పొద్దున మా అందరి కళ్ళ ముందూ ఉన్నాయవి. మేము అక్షరాలు చూశాం. అదీ అక్షరాలే చదివింది.

"అప్పుడూ దీనికి తెలుసా మరి?" అన్నాను.

"తెలిసే ఉంటది పిన్నీ. అదే ఫోటో కదా."

"మరెందుకు చెప్పలేదు?"

"అది కూడా అడిగా. క్షమించమంది. మీ అసలు ప్రశ్నకు ముందు జవాబు చెప్పి ఉండాల్సింది అంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అంత మర్యాద దేనికి? అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు పట్టి చెబుతాం, బియ్యం ఏ ఊరివో, ఎసరు ఎంత పోశామో చెప్పం. ఆ ఒక్క మాటకు దాని సొమ్మేం పోయేది? వద్దు. రెండక్షరాలు. రాఘవులు ఫోను మోగేలోపు చెప్పొచ్చు, ఇంకా టైముండేది. ఆ మాట గనక వినపడి ఉంటే సర్దార్‌బీ దిగేది. మోకాళ్ళు పట్టుకుని, నన్ను తిట్టుకుంటూ, దిగేది. ఫోను విసిరికొడదామనిపించింది. పిల్ల ఫోను అది, దాని వాయిదాలు ఇంకా తీరలేదు. తిరిగి ఇచ్చేశాను. ఆ తర్వాత మాధవి కోతకు రాలేదు.

కోత మాత్రం ఆగలేదు. కాయ పండింతర్వాత ఎవరి కోసం ఆగుతుంది? రాఘవులు చేను అద్దంకి ముఠాకే పోయింది. నేను పర్చూరు అవతల ఇంకో రైతును పట్టుకున్నాను. బండి కోసం నాలుగు ఊళ్ళు తిరిగితే క్రీస్తుదాసు ఒప్పుకున్నాడు. అతనిదీ అలాంటి ట్రాలీయే, అలాంటి బల్లలే. ఊరు వేరు, అంతే తేడా.

ఇప్పుడు నాకు చదవడం వచ్చు. మొదటి రోజు బండి రాగానే నేలమీద కూర్చుని వెనక టైరు చూశాను. ముగ్గుపిండి అక్కర్లేదు, వేలితో తడిమితే అంకెలు తెలుస్తాయి. 1915. అంకెల కింద, ఇనప చక్రం దగ్గర, చర్మం పగిలి ఉంది. గోరు పెట్టాను, దిగింది. పైన మాత్రం గాళ్ళు లోతుగా, నల్లగా ఉన్నాయి.

"దాసూ, ఈ టైరు ఎక్కకూడదయ్యా," అన్నాను. ఏమీ దాచకుండా, అందరూ వినేట్టు, పేలుతుందని కూడా అన్నాను.

క్రీస్తుదాసు తల గోక్కున్నాడు. వాదించలేదు. "తెలుసు మేస్త్రమ్మా. ఈ కోతలు కానీ, రెండూ మారుస్తా. ఇప్పుడు మార్చమంటే బండి ఇంటికాడ పెట్టేయాల్సిందే," అన్నాడు. అబద్ధమాడలేదు అతను కూడా.

నేను వెనక్కి తిరిగి మా వాళ్ళ వంక చూశాను. అందరూ విన్నారు. క్యారేజీలు పట్టుకుని నిలబడ్డారు. ఒకామె పైట సర్దుకుంది. ఒకామె ఎక్కింది. ఆమె వెనకాలే ఇంకొకామె. వేరే బండి ఉందా అని ఒక్కరూ అడగలేదు, లేదని అందరికీ తెలుసు.

ఆఖరున గుల్షన్ వచ్చింది. కోతకు ఆమెకు అది మొదటి రోజు. కుట్టుమిషను మీద బతుకు సాగడం లేదు, ఇద్దరు పిల్లలు, తల్లి తెచ్చే కూలి లేదు. రావద్దని నేను రెండుసార్లు ఇంటికెళ్ళి చెప్పాను. రాకుండా ఎట్లా బతకాలో మాత్రం నాకు చెప్పడం చేతకాలేదు. ఖాళీగా ఉన్నది ఎడమ చక్రం మీది చోటే. ఆమె బండి అంచు మీద చెయ్యి వేసి ఆగింది.

"పిన్నీ, టైరు పర్వాలేదా?"

గొంతులో ఏ అనుమానమూ లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. నేను అంకెలు చెప్పలేదు, రబ్బరు సంగతి చెప్పలేదు.

"బాగాలేదమ్మా," అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. తర్వాత క్యారేజీ పైకి అందించి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, చక్రం మీద కాలుపెట్టి ఎక్కి అక్కడ కూర్చుంది.

"నువ్వూ ఎక్కు పిన్నీ, పొద్దెక్కుతోంది," అంది.

నేను ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాను.